శ్రీకూర్మ శాసనం, కాకతీయ సీమ: పదమూడో శతాబ్ది ద్వైత వేదాంత ప్రవేశంపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు దేశంలో వేదాంత సంప్రదాయాల చరిత్రను రాసేవారికి రెండు రకాల ఆధారాలు అందుబాటులో ఉన్నాయి. మొదటివి మఠ సంప్రదాయాలు భద్రపరచిన చరిత్రలు, విజయకావ్యాలు, గురుపరంపరా పట్టికలు. రెండోవి దేవాలయ స్తంభాలపై, గోడలపై ఉన్న శాసనాలు. ఈ రెండూ ఒకే విషయాన్ని చెప్పే సందర్భాలు తక్కువ. మధ్వాచార్యుని ద్వైత సిద్ధాంతం విషయంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. విజయకావ్యాలలో ద్వైతం వాదభూమిలో అద్వైతాన్ని, విశిష్టాద్వైతాన్ని ఎదుర్కొంటూ ముందుకు సాగుతుంది. శాసనాలలో అదే ద్వైతం ఒక అధికారి రూపంలో, ఒక ఆలయ నిర్మాత రూపంలో, ఎవరి పేరునూ ఖండించకుండా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మంలో క్రీ.శ. 1281 నాటి నరహరితీర్థుని సంస్కృత శాసనం ఈ రెండో రకానికి అత్యంత విలువైన ఉదాహరణ. ఆ శాసనాన్ని కేంద్రంగా తీసుకొని, అదే శతాబ్దిలో కాకతీయ సీమకు గుండెకాయ వంటి నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో వేదాంత వివాదం ఎందుకు వేరొక రూపం ధరించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనం చెప్పేది

శ్రీకూర్మనాథాలయంలో నల్లరాతి స్తంభంపై చెక్కిన ఈ శాసనం తొమ్మిది సంస్కృత శ్లోకాలలో ఉంది. కాలం శక సంవత్సరం 1203, అంటే క్రీ.శ. 1281. కళింగాన్ని తూర్పు గాంగ వంశీయుడైన రెండో నరసింహదేవుడు పాలిస్తున్న రోజులవి. దీనిని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా ఆరో సంపుటంలో ప్రకటించినవారు హెచ్. కృష్ణశాస్త్రి. శాసనం మొదట గురుపరంపరను చెబుతుంది. పురుషోత్తమతీర్థుడు, ఆయన శిష్యుడైన ఆనందతీర్థుడు, ఆయన శిష్యుడైన నరహరితీర్థుడు అన్నది ఆ క్రమం. పురుషోత్తమతీర్థుడు అంటే మాధ్వ సంప్రదాయంలో అచ్యుతప్రేక్షుడని పేరుపొందిన సన్యాసి. ఆనందతీర్థుడు మధ్వాచార్యుని సన్యాసనామం. వ్యాసుని బ్రహ్మసూత్రాలకు భాష్యం రాసినవాడుగా ఆయనను శాసనం గుర్తిస్తుంది. తరువాత నరహరితీర్థుడు కళింగ ప్రజలను ధర్మమార్గంలో పాలించిన తీరునూ, శబరుల దాడుల నుంచి శ్రీకూర్మక్షేత్రాన్ని కాపాడిన సంగతినీ ప్రస్తావించి, శ్రీకూర్మనాథుని ఎదుట యోగానందనృసింహునికి ఆలయం కట్టించినట్లు నమోదు చేస్తుంది.

ఒక సన్యాసి చేతిలో దండంతో పాటు ఖడ్గం కూడా కనిపించడం ఆశ్చర్యం కలిగించవచ్చు. కానీ దీనిని కావ్యాతిశయోక్తిగా కొట్టివేయనక్కర లేదు. శక 1186 నుంచి శక 1215 వరకు, అంటే 1264 నుంచి 1293 వరకు, నరహరితీర్థుని పేరు శ్రీకూర్మ శాసనాలలో కనిపిస్తుందని కృష్ణశాస్త్రి నిర్ధారించారు. దాదాపు మూడు దశాబ్దాల పాటు ఒక వ్యక్తి ఒక ప్రాంతపు దాన వ్యవహారాలతో ముడిపడి ఉన్నాడంటే ఆయన తీర్థయాత్రకు వచ్చి వెళ్లిన సన్యాసి కాదు. రాజ్యాధికారంలో స్థిరమైన బాధ్యత ఉన్నవాడు. మాధ్వ సంప్రదాయం ఆయన బాలరాజు తరఫున కళింగాన్ని పాలించాడనీ, గజపతుల కోశంలోని మూలరామ, సీతా విగ్రహాలను సంపాదించి గురువుకు సమర్పించాడనీ చెబుతుంది. విగ్రహాల కథ సంప్రదాయానికి చెందినది. పరిపాలనాధికారం మాత్రం శిలాక్షరాలకు చెందినది. ఈ రెండింటినీ ఒకే తూనికతో తూచడం సరికాదు.

కాలనిర్ణయం: అరవై ఏళ్ల చక్రం చేసిన చిక్కు

ఈ శాసనాల విలువ ఆలయ చరిత్రకే పరిమితం కాదు. మధ్వాచార్యుని కాలాన్ని నిర్ణయించడంలో ఇవి ప్రధాన సాక్ష్యంగా నిలిచాయి. అందువల్ల ఆ లెక్కను కొంత వివరంగా చూడాలి.

మఠాల పట్టికలలో మధ్వుని జననం శక 1040, విళంబి సంవత్సరంగానూ, నిర్యాణం శక 1119, పింగళ సంవత్సరంగానూ కనిపిస్తాయి. క్రీస్తుశకంలో ఇవి 1118, 1197. ఈ పట్టికనే నమ్మితే ఆయన తరువాత పీఠమెక్కిన పద్మనాభతీర్థుడు, ఆయన తరువాతివాడైన నరహరితీర్థుడు ఇద్దరూ పదమూడో శతాబ్ది మొదటి రెండు దశాబ్దాలలోపే గతించి ఉండాలి. కానీ శ్రీకూర్మంలో నరహరితీర్థుడు 1264లోనూ, 1281లోనూ, 1293లోనూ సజీవంగా ఉన్నాడు. పట్టిక తప్పో, శాసనం తప్పో తేల్చవలసి వస్తే శాసనాన్ని తప్పుపట్టే వీలు లేదు.

మరొక ఆధారం మధ్వుని స్వంత రచనలోనే ఉంది. మహాభారత తాత్పర్య నిర్ణయంలో కలియుగంలో నాలుగువేల మూడువందల ఏళ్లు గడచిన తరువాత తన అవతారమని ఆయన పేర్కొన్నాడు. కలి 4300 గతాబ్దాలు అంటే క్రీ.శ. 1199. దీనిని అక్షరశః తీసుకొన్నవారు ఆయన కాలం 1199 నుంచి 1278 అన్నారు. అయితే ఇక్కడొక అడ్డంకి ఉంది. జన్మసంవత్సరం విళంబి అని సంప్రదాయం చెబుతున్నది. 1199 విళంబి కాదు, సిద్ధార్థి. పంచాంగం చేతిలో ఉన్న ఎవరైనా దీన్ని సరిచూసుకోవచ్చు. సిద్ధార్థి 1979లో వచ్చింది. అక్కడి నుంచి అరవై చొప్పున పదమూడు చక్రాలు, అంటే 780 ఏళ్లు వెనక్కి వెళితే 1199 వస్తుంది. విళంబి 2018లో వచ్చింది. అదే 780 ఏళ్లు వెనక్కి వెళితే 1238.

కృష్ణశాస్త్రి చూపిన పరిష్కారం సరళమైనది. పట్టికలలో సంవత్సరనామాలు సరైనవే, వాటికి తగిలించిన శక సంఖ్యలే తప్పు. మఠాలలో నోటి మీదుగా నిలిచేది విళంబి, పింగళ, శ్రీముఖ వంటి పేర్లే. వాటికి శక సంఖ్యలు తరువాతి తరాల వారు లెక్కగట్టి చేర్చారు. ఆ లెక్కలో రెండు చక్రాలు, అంటే 120 ఏళ్లు వెనక్కి జరిగాయి. ఆ నూట ఇరవైని కలిపితే జననం 1238 విళంబి, నిర్యాణం 1317 పింగళ. పద్మనాభతీర్థుని పీఠకాలం 1324 వరకు, నరహరితీర్థునిది 1324 నుంచి 1333 వరకు. 1333 సరిగ్గా శ్రీముఖ సంవత్సరమే. కలి 4300 అన్న మాటను 'నాలుగువేల మూడువందలు దాటిన తరువాతి శతాబ్దిలో' అని అర్థం చేసుకొంటే ఈ లెక్కకు విరోధం లేదు. బి.ఎన్.కె. శర్మ తన ద్వైత వేదాంత చరిత్రలో ఈ 1238–1317 పక్షాన్నే సమర్థించారు.

ఈ పక్షానికీ ఒక ఇబ్బంది లేకపోలేదు. 1264 నాటికి మధ్వుని వయసు ఇరవై ఆరు మాత్రమే అవుతుంది. ఆ వయసులోనే గోదావరి దాటి కళింగంలో ఒక అధికారిని శిష్యునిగా చేసుకొన్నాడంటే ఆయన మొదటి ఉత్తరదేశ యాత్ర చాలా చిన్నతనంలోనే జరిగి ఉండాలి. ఇది అసాధ్యం కాదు గాని, తొలి శాసనాలను సన్యాసానంతర కాలానివిగానే చదివేవారు ఈ బిగువును గుర్తించాలి. అయినా ఆ శాసనాలను, సంవత్సరనామాలను, పీఠక్రమాన్ని ఒకే చోట పొసగించగల లెక్క ఇంతవరకు ఇదొక్కటే.

గోదావరి తీరం, శోభనభట్టు

తెలుగు దేశంతో ద్వైతానికి ఏర్పడిన మరో తొలి సంబంధం పద్మనాభతీర్థుని ద్వారా. నారాయణపండితుడు రాసిన సుమధ్వవిజయం ప్రకారం బదరీయాత్ర నుంచి తిరిగివస్తూ మధ్వాచార్యుడు గోదావరీ తీరంలో పండితులతో వాదించాడు. అక్కడ శోభనభట్టు అనే ప్రసిద్ధ విద్వాంసుడు ఆయన పక్షం చేరాడు. ఆయనే తరువాత పద్మనాభతీర్థుడై, సూత్రభాష్యానికి సత్తర్కదీపావళి, అనువ్యాఖ్యానానికి సన్న్యాయరత్నావళి అనే టీకలు రాశాడు. ద్వైత సాహిత్యంలో టీకాసంప్రదాయానికి ఆరంభం ఈయనతోనే.

గోదావరి అనగానే ఏ ఊరు అన్న ప్రశ్న పుడుతుంది. రాజమహేంద్రవరమని కొందరు, మహారాష్ట్రలోని పుణతాంబ అని మరికొందరు చెబుతూ వచ్చారు. భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరం గోదావరి, ప్రాణహితల సంగమం, ప్రసిద్ధ శైవక్షేత్రం కావడంతో దానిని కూడా ఈ కథకు జతచేయాలన్న ఉత్సాహం స్థానిక చరిత్రకారులకు కలగడం సహజం. కానీ కావ్యం నదిని చెప్పిందే గాని ఊరిని చెప్పలేదు. నది పొడవునా ఉన్న ఏ రేవుకైనా ఈ గౌరవాన్ని కట్టబెట్టవచ్చు. అలా కట్టబెట్టడం చరిత్ర కాదు.

సింహాచలం నుంచి వచ్చిన ప్రశ్న

నరహరితీర్థుడు అధికారంలో ఉన్న కళింగాంధ్ర వేదాంతపరంగా ఖాళీ నేల కాదు. సింహాచలంలో ప్రధానాలయ నిర్మాణం శక 1190 (1268) నాటికి గాంగుల సేనాని అక్కాయి చేతుల మీదుగా జరిగింది. అదే శతాబ్దికి చెందిన గొప్ప అద్వైతి చిత్సుఖాచార్యుడు సింహాచలంతో సంబంధం ఉన్నవాడని పరిశోధకుల అభిప్రాయం. ఆయన తత్త్వప్రదీపిక స్తంభం నుంచి వెలువడిన నృసింహుని స్తుతితో మొదలవుతుంది. ఒక నృసింహక్షేత్రపు నీడలో అద్వైతం, దానికి కొద్ది దూరంలో మరో నృసింహాలయం కట్టించిన ద్వైతి. ఇష్టదైవం ఒక్కటే, సిద్ధాంతం రెండు ధ్రువాలు. మధ్వుడు, చిత్సుఖుడు ముఖాముఖి తలపడ్డారని చెప్పే ఆధారమేదీ లేదు. కానీ ఇద్దరి గ్రంథాలూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఆ ప్రశ్న భేదాన్ని గురించినది. ద్వైతాద్వైత వివాదమంతా చివరికి దీని మీదనే ఆధారపడి ఉంది గనుక ఇక్కడ నిలిచి చూడటం అవసరం.

శ్రీహర్షుని ఖండనఖండఖాద్యంలో మొదలై చిత్సుఖుని చేతిలో పదునెక్కిన అద్వైతవాదం ఇలా నడుస్తుంది. 'ఇది కుండ, వస్త్రం కాదు' అని మనం అంటాము. కుండలో ఉన్న ఆ 'వస్త్రం కాకపోవడం' ఏమిటి? అది కుండ స్వరూపమేనా, లేక కుండకు ఉన్న ఒక ధర్మమా? స్వరూపమే అంటే, 'వస్త్రం నుంచి' అన్న అంశం కుండ స్వరూపంలోనే చేరిపోతుంది. అప్పుడు వస్త్రాన్ని తెలుసుకోకుండా కుండను తెలుసుకోలేము; కుండను తెలుసుకోకుండా దానికి భిన్నమైన వస్త్రాన్నీ తెలుసుకోలేము. ఇది అన్యోన్యాశ్రయ దోషం. పోనీ ధర్మం అంటే, ఆ ధర్మం కుండ కంటే భిన్నమా కాదా? భిన్నమైతే ఆ రెండో భేదం మరొక ధర్మం కావాలి, దానికి మూడోది, దానికి నాలుగోది. ఇది అనవస్థ. ఎటు చూసినా నిలవని భేదాన్ని సత్యమనడం ఎలా? కనుక అది అనిర్వచనీయం, ప్రపంచంతో పాటు మిథ్య.

ఈ ద్వంద్వ ప్రశ్నకు మధ్వుడు విష్ణుతత్త్వవినిర్ణయంలో ఇచ్చిన సమాధానం మొదటి పక్షాన్నే నిర్భయంగా స్వీకరిస్తుంది. భేదం వస్తుస్వరూపమే. అయితే అన్యోన్యాశ్రయం రాదు. ఎందుకంటే ఒక వస్తువును చూసినప్పుడు అది తక్కిన సమస్తం కంటే వేరైనదిగానే సామాన్యంగా భాసిస్తుంది. వేరే చెప్పాలంటే, వేరుగా తెలియకుండా వస్తువు తెలియడమనేదే లేదు. 'వస్త్రం కంటే' అనే ప్రత్యేక నిరూపణ తరువాత అవసరాన్ని బట్టి వస్తుంది. దీనికి ఆయన చూపే నిదర్శనం చాలా లౌకికమైనది. ఎదుట వస్తువును చూసిన ఎవరికైనా 'ఇది నేనేనా, మరొకటా' అన్న సంశయం కలుగుతుందా? కలగదు. భేదం వస్తుజ్ఞానంతో పాటే తెలియకపోతే ఆ సంశయం కలిగి తీరాలి. నిత్యానుభవాన్ని తార్కిక చర్చలో తుది సాక్షిగా నిలబెట్టడం మధ్వుని పద్ధతి. ద్వైతంలో 'సాక్షి' అనే పదానికి ఉన్న బరువు ఇక్కడి నుంచే వస్తుంది.

ఐతే కుండా, భేదమూ ఒకటే అయితే 'కుండ', 'భేదం' అనే మాటలు పర్యాయపదాలు కావలసి వస్తుంది కదా? ఈ ఆక్షేపణకు జవాబుగా ఏర్పడిందే 'విశేష' భావన. అభిన్నమైన చోట కూడా భేదవ్యవహారాన్ని నిర్వహించే శక్తి వస్తువులోనే ఉన్నదని, దానిని విశేషమంటామని ద్వైతులు చెప్పారు. మరి ఆ విశేషం వస్తువు కంటే వేరా? అది స్వనిర్వాహకం, తనను తానే నిర్వహించుకొంటుంది, దానికి మరొకటి అక్కరలేదన్నది సమాధానం. అనవస్థను ఆపడానికి ఎక్కడో ఒకచోట ఇలాంటి నిలుపుదల అన్ని దర్శనాలకూ తప్పదు. అయినా అద్వైతులకు ఇది ప్రశ్ననే జవాబుగా మార్చినట్లు తోచింది. ఆ తోపులో కొంత న్యాయం లేకపోలేదు. చిత్సుఖుడు మిథ్యాత్వానికి చెప్పిన నిర్వచనం, అంటే ఒక వస్తువు ఎక్కడ త్రికాలాలలోనూ లేదో అక్కడే కనిపించడం, పదహారో శతాబ్దిలో వ్యాసతీర్థుని న్యాయామృతంలో ఖండనకు గురయింది. దానికి మధుసూదన సరస్వతి అద్వైతసిద్ధిలో బదులిచ్చాడు. పదమూడో శతాబ్దిలో లేచిన ప్రశ్న అప్పటికీ వాడిగానే ఉందన్నమాట.

శ్రీవైష్ణవులతో పేచీ ఎక్కడ?

అద్వైతంతో ద్వైతానికి ఉన్నది బహిరంగ యుద్ధం. విశిష్టాద్వైతంతో ఉన్నది దాయాదుల తగాదా. ఇద్దరికీ విష్ణువే పరదైవం, ఇద్దరికీ ప్రపంచం సత్యం, ఇద్దరికీ జీవుడు ఈశ్వరుడు కాడు. అందుకే తేడాలు మరీ సూక్ష్మమైన చోట పొడచూపుతాయి. రామానుజుని దృష్టిలో చేతనాచేతనాలు బ్రహ్మానికి శరీరం. ఆ శరీరం ద్వారా బ్రహ్మమే జగత్తుకు ఉపాదానకారణం కూడా. మధ్వునికి ఇది అంగీకారం కాదు. కుమ్మరి మట్టి కాడు. ఈశ్వరుడు నిమిత్తకారణమే, ప్రకృతి ఉపాదానం. అంతకంటే తీవ్రమైన తేడా మోక్షంలో ఉంది. రామానుజ మతంలో ముక్తులందరూ ఆనందానుభవంలో పరమాత్మతో పరమసామ్యం పొందుతారు. మధ్వ మతంలో మోక్షంలోనూ తారతమ్యం పోదు. ప్రతి జీవునికీ తన స్వరూపయోగ్యతను బట్టే ఆనందం. పాత్ర ఎంతో నీరు అంత. అన్ని పాత్రలూ నిండుగానే ఉంటాయి, అన్నీ సమానం కావు.

శ్రీకూర్మంలో ఈ పేచీ ఎలా వ్యక్తమైందని వెదికితే విచిత్రంగా ఏమీ కనిపించదు. శ్రీకూర్మ, సింహాచల శాసనాలలో దానధర్మానికి 'శ్రీవైష్ణవ రక్ష' అని ముగింపు పలకడం పరిపాటి. ఆలయ నిర్వహణలో శ్రీవైష్ణవుల పాత్ర ఎంత బలమైనదో ఈ మాట ఒక్కటే చెబుతుంది. అటువంటి ఆలయంలోనే మధ్వశిష్యుడు తన గురుపరంపరను స్తంభంపై చెక్కించి, మూలస్వామి ఎదుట నృసింహుని ప్రతిష్ఠించాడు. మూలస్వామిని మార్చలేదు, పూజావిధానాన్ని ఖండించలేదు. శాసనంలో రామానుజుని ప్రస్తావన లేదు, మాయావాదుల దూషణ లేదు. ఆనందతీర్థుని భాష్యకర్తగా పరిచయం చేయడమే ఆ శాసనపు వాదం. తన గురువు కూడా వ్యాససూత్రాలకు భాష్యం రాసినవాడని రాతిలో చెప్పడం అంటే శంకరరామానుజుల పక్కన ఆయనకు ఆసనం వేయడమే. అది మృదువుగా ఉన్నంత మాత్రాన చిన్న విషయం కాదు. అధికారం చేతిలో ఉన్నవాడు ఒక స్థిరపడిన క్షేత్రంలో తన సంప్రదాయానికి చోటు కల్పించుకోవడానికి ఎంచుకొన్న మార్గం చేర్పు, కూల్పు కాదు.

విజయకావ్యాలలోని చిత్రం ఇందుకు పూర్తిగా భిన్నం. సుమధ్వవిజయంలో అద్వైతులైన పుండరీకపురి, పద్మతీర్థులు వాదంలో ఓడతారు. మధ్వుని గ్రంథసంచయం అపహరణకు గురై తిరిగి దొరుకుతుంది. త్రివిక్రమపండితుడు పదిహేను రోజులు వాదించి శిష్యుడవుతాడు. ఆ త్రివిక్రముని కుమారుడే ఈ కావ్యకర్త కావడం మరువరాదు. తరువాతి శతాబ్దిలో ముళబాగిలులో అక్షోభ్యతీర్థునికీ విద్యారణ్యునికీ జరిగిందని చెప్పే వాదంలో విశిష్టాద్వైతి వేదాంతదేశికుడు మధ్యస్థుడట. ఎవరు గెలిచారన్నది మాత్రం కథ చెప్పేవారి మఠాన్ని బట్టి మారుతుంది.

కాకతీయ సీమలో మరో ద్వైతం

ఇప్పుడు పశ్చిమానికి, ఓరుగల్లు చుట్టూ ఉన్న నేలకు రావాలి. పాత వరంగల్లు జిల్లా నుంచి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు పదమూడో శతాబ్దిలో కాకతీయ రాజ్యపు కేంద్రభూమి. నరహరితీర్థుడు శ్రీకూర్మంలో ఉన్న కాలంలో ఇక్కడ రుద్రమదేవి (1262–1289), తరువాత ప్రతాపరుద్రుడు పాలించారు. ఇక్కడి ఆలయాలను చూస్తే, గణపురం కోటగుళ్లు శైవం, కాళేశ్వరం శైవం, మహబూబాబాద్ దగ్గరి కురవి వీరభద్రునిది. రాజగురుస్థానంలో ఉన్నవారు గోళకీమఠపు శైవాచార్యులు. గణపతిదేవునికి దీక్ష ఇచ్చిన విశ్వేశ్వరశంభువుకు రుద్రమదేవి 1261లో చేసిన దానాన్ని గుంటూరు ప్రాంతపు మల్కాపురం శాసనం విస్తారంగా వర్ణిస్తుంది. ఆలయం, మఠం, విద్యార్థులు, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రం ఒకే వ్యవస్థలో ఇమిడిన ఆ ఏర్పాటుతో పోటీపడగల మాధ్వ సంస్థ ఏదీ ఈ ప్రాంతంలో అప్పటికి లేదు.

అంతమాత్రాన ఈ సీమకు ద్వైతం తెలియదనడం పొరపాటు. గోళకీ ఆచార్యుల శైవసిద్ధాంతం స్వయంగా భేదవాదమే. పతి, పశువు, పాశం అనే మూడూ నిత్యసత్యాలు. జీవుడు శివుడు కాడు. ప్రపంచం భ్రాంతి కాదు. అద్వైతపు ఏకత్వాన్ని ఈ ఆచార్యులు మధ్వుని కంటే చాలా ముందే తమ ఆగమాల ఆధారంగా నిరాకరించారు. అయితే మోక్షంలో వారిది మధ్వుని మార్గం కాదు. పాశం తెగిన ఆత్మ శివునితో సమానమవుతుంది, శివసామ్యమే ముక్తి. అంటే భేదవాదంలో మధ్వునికి దగ్గరైన శైవసిద్ధాంతం, ముక్తుల సమానత విషయంలో రామానుజుని వైపు ఉన్నది. 'ద్వైతం' అన్న ఒకే పేరు కింద ఇవన్నీ చేర్చి లెక్కవేసే పాఠ్యపుస్తకాలు ఈ తేడాను దాచేస్తాయి.

జనగామ జిల్లాలోని పాలకుర్తి ఈ చిత్రానికి మరో పార్శ్వం. పాల్కురికి సోమనాథుని కాలం గురించి పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నా, కాకతీయ యుగానికి చెందినవాడన్నది నిర్వివాదం. ఆయన పండితారాధ్య చరిత్రలో వాదప్రకరణం పేరుతో ఒక పూర్తి భాగమే ఉంది. చతుర్వేదసారంలో ఆయన వేదవాక్యాలను శివపరంగా సమన్వయించాడు. మధ్వుడు అదే పనిని విష్ణుపరంగా చేశాడు. ఇద్దరూ వేదప్రామాణ్యాన్ని విడిచిపెట్టలేదు, ఇద్దరూ నిర్గుణబ్రహ్మానికి బదులు గుణపరిపూర్ణుడైన దేవుణ్ణి నిలబెట్టారు, ఇద్దరూ తమ దైవం కంటే ఇతరదైవాలను తక్కువ స్థానంలో ఉంచారు. భాషలో మాత్రం దారులు చీలాయి. మధ్వుడు భాష్యం, ఖండనం అనే సంస్కృత శాస్త్రరూపాలను ఎంచుకొంటే, సోమనాథుడు శాస్త్రవాదాన్ని ద్విపదలోకి దించాడు. పాలకుర్తి గుట్టపై నేటికీ సోమేశ్వరుడు, లక్ష్మీనృసింహుడు పక్కపక్కనే పూజలందుకొంటున్నారు.

కళింగాంధ్రలోని శ్రీకూర్మం, సింహాచలం అప్పటికే వైష్ణవక్షేత్రాలు కావడం, గాంగరాజులు పురుషోత్తమ భక్తులు కావడం వల్ల నరహరితీర్థునికి చేర్పు సాధ్యమైంది. ఆయన అక్కడ కొత్త దేవుణ్ణి తేలేదు, ఉన్న దేవునికి కొత్త వ్యాఖ్యానం తెచ్చాడు. ఓరుగల్లు సీమలో అదే పని చేయాలంటే దేవుణ్ణే మార్చవలసి ఉండేది. రాజగురుస్థానం, మఠం, భూమి, వైద్యశాల వరకు అన్నీ శైవుల చేతిలో ఉన్నప్పుడు విష్ణుసర్వోత్తమత్వాన్ని మూలసూత్రంగా చెప్పే మతానికి తలుపు సందు కూడా దొరకదు. సిద్ధాంతబలం కంటే సంస్థాబలమే ఇక్కడ ఎల్లలు గీసింది. కాకతీయుల పతనం (1323) తరువాత రాచకొండ రేచర్ల పద్మనాయకుల కాలంలో ఈ ఎల్లలు కదిలాయి. వేదాంతదేశికుడు సుభాషితనీవిని రాచకొండ సింగభూపాలునికి పంపాడని శ్రీవైష్ణవ సంప్రదాయం చెబుతుంది. తెలంగాణ నడిబొడ్డుకు ముందుగా చేరిన వైష్ణవ వేదాంతం మధ్వునిది కాక రామానుజునిది కావడాన్ని ఈ సంప్రదాయం సూచిస్తున్నది. అప్పటికి నరహరితీర్థుడు గురువు గీతాభాష్యానికి భావప్రకాశిక రాసి, తొమ్మిదేళ్లు పీఠం నిర్వహించి, తుంగభద్రా తీరాన హంపి చక్రతీర్థం దగ్గర సమాధిస్థుడయ్యాడు.